2.3.1 పేరాలో విశేషణాలు తీసేస్తే ఏం మిగులుతుంది? స్వీయ అధ్యయన నివేదిక గురించి సలహా కావాలి

గోదావరి గట్టు

అందరికీ నమస్కారం. నేను ఆంధ్రప్రదేశ్‌లో ఒక ఎయిడెడ్ డిగ్రీ కళాశాలలో ఎకనామిక్స్ చెబుతాను. ఈ ఏడాది కళాశాల నాణ్యత వ్యవహారాలు చూసే ఐక్యూఏసీ సమన్వయకర్త బాధ్యత కూడా నా మీద పడింది. కళాశాలల నాణ్యతను మదింపు చేసే నాక్‌కు పంపవలసిన స్వీయ అధ్యయన నివేదికలో, అంటే ఎస్‌ఎస్‌ఆర్‌లో, బోధన, అభ్యసన ప్రమాణం కింద 2.3.1 అనే అంశం ఉంటుందని మీలో చాలామందికి తెలుసు. విద్యార్థి కేంద్రిత పద్ధతులను, ఐసీటీ సాధనాలను ఎలా వాడుతున్నామో అందులో వివరించాలి. కిందటిసారి సమర్పించిన నివేదిక నుంచి దింపుకొని, కొద్దిగా మార్చి తయారుచేసిన పేరా మా దగ్గర ఉన్నది. నివేదిక ఇంగ్లీషులో వెళ్తుంది కాబట్టి ఇక్కడ దాని భావాన్ని తెలుగులో ఇస్తున్నాను.

"మా కళాశాలలో అపారమైన అనుభవం, నిబద్ధత కలిగిన అధ్యాపకులు వినూత్నమైన విద్యార్థి కేంద్రిత బోధనా పద్ధతులను విస్తృతంగా అనుసరిస్తున్నారు. అత్యాధునిక ఐసీటీ సాధనాలను సమర్థంగా వినియోగిస్తున్నారు. అనుభవపూర్వక అభ్యసనానికి విశేష ప్రాధాన్యం ఇస్తున్నారు. దీని ఫలితంగా ఉత్తీర్ణత శాతం గణనీయంగా పెరిగింది. బోధన పట్ల విద్యార్థులు అమితమైన సంతృప్తిని వ్యక్తం చేశారు."

చదివినప్పుడు నాకే ఇబ్బందిగా అనిపించింది, ఎందుకంటే ఈ అయిదు వాక్యాలను జిల్లాలోని ఏ కళాశాల పేరు కింద పెట్టినా చెల్లుతాయి. దీన్ని ఎలా తిరగరాయాలి? ఏ మాటకు ఏ ఆధారం సరిపోతుంది?

నల్లబల్ల

మేడమ్, దీనికి ఇంత మథనపడనక్కరలేదు. నాక్ మార్కులలో ఎక్కువ భాగం అంకెలతో కూడిన కొలమానాల నుంచే వస్తుంది, వాటిని డీవీవీ వాళ్లు పరిశీలిస్తారు. వర్ణనాత్మకమైన అంశాలకు ఉన్న వాటా తక్కువ, అందులోనూ 500 పదాల పరిమితి ఉంటుంది. పేరా ఉన్నట్టే ఉంచి, కింద జియోట్యాగ్ చేసిన ఫొటోలు ఒక నలభై, సెమినార్ల ఆహ్వాన పత్రాలు, ప్రొజెక్టర్ల కొనుగోలు బిల్లులు జతచేయండి. మేము అలాగే చేశాము, గ్రేడు బాగానే వచ్చింది.

పాత గంట

నేను ప్రిన్సిపాల్‌గా పదవీ విరమణ చేశాను. అంతకుముందు కొన్నిసార్లు పీర్ టీమ్ సభ్యుడిగా ఇతర రాష్ట్రాల కళాశాలలకు వెళ్లాను. నల్లబల్ల గారు చెప్పినదాంట్లో మొదటి సగం నిజం. అంకెల కొలమానాలకు బరువు ఎక్కువే. రెండో సగంతో నేను ఏకీభవించను. వర్ణనాత్మక అంశాలను చదివి, వచ్చి, చూసి మార్కు వేసేది పీర్ టీమ్. ప్రయాణానికి ముందే మేము ఆ పేరాల పక్కన పెన్సిలుతో ప్రశ్నలు రాసుకునేవాళ్లం. "వినూత్నమైన" అన్న మాట కనబడితే నేను రాసుకొనే ప్రశ్న ఒకటే: "ఏ పేపరులో, ఎవరు, ఎన్ని వారాలు?" జవాబు కోసం నలభై ఫొటోలు తిరగేస్తే, వాటిలో సగం ఫొటోల్లో పిల్లలు కెమెరా వైపు చూస్తూ ఉంటారు. ప్రొజెక్టరు బిల్లు అది కొన్నారని చెబుతుందే గానీ, దానితో పాఠం చెప్పారని చెప్పదు.

అమ్మా, మీ పేరాలో ఉన్నవి అయిదు వాక్యాలే అయినా మూడు రకాల మాటలు ఉన్నాయి. మొదటి మూడు వాక్యాలు మీరు ఏమి చేస్తున్నారో చెబుతున్నాయి. నాలుగోది చేసినదాని వల్ల ఏమి జరిగిందో చెబుతున్నది. అయిదోది పిల్లలు ఏమనుకుంటున్నారో చెబుతున్నది. మొదటి రకానికి రికార్డు చాలు. నాలుగో వాక్యం దగ్గరే జాగ్రత్త అవసరం, ఎందుకంటే "దీని ఫలితంగా" అన్నప్పుడు మీరు కారణాన్ని కూడా చెబుతున్నారు. ఆ ఉత్తీర్ణత శాతం ఎక్కడి నుంచి వచ్చింది? ఏ కోర్సు, ఏ సంవత్సరాలు?

మల్లెపందిరి

నేను తెలుగు అధ్యాపకురాలిని. విశేషణాలంటే అందరికీ ఇంత కోపం ఎందుకో నాకు అర్థం కావడం లేదు. విశేషణం లేని వాక్యం ఎండిన కొమ్మలా ఉంటుంది. "అపారమైన", "అమితమైన" అనే రెండు మాటలు దగ్గర దగ్గరగా వచ్చాయి, అందులో ఒకదాన్ని మార్చండి. "వినూత్నమైన" బదులు "నవీన" అంటే తేలికగా ఉంటుంది. పేరా చక్కగా సాగుతుంది.

గోదావరి గట్టు

మల్లెపందిరి గారూ, నా ప్రశ్నను సరిగా పెట్టలేదేమో. శైలి గురించి కాదు నా బెంగ. ఆ మాటల వెనుక చూపించడానికి ఏమి ఉన్నదన్నదే.

పాత గంట గారూ, ఆ శాతం మా బీఎస్సీ నాలుగో సెమిస్టర్ కెమిస్ట్రీ పేపరుది, భౌతిక రసాయన శాస్త్రం ఉన్న పేపరు. 2021-22లో 59.6 శాతం ఉత్తీర్ణులైతే, 2022-23లో 77.3 శాతం అయ్యారు. ఆ రెండో సంవత్సరంలో మా కెమిస్ట్రీ మేడమ్ గురువారం చివరి గంటలో లెక్కల పత్రాలు మొదలుపెట్టారు. నలుగురైదుగురు పిల్లలను ఒక జట్టుగా కూర్చోబెట్టి మూడేసి లెక్కలు ఇచ్చి, చేసినవాళ్ల చేత బల్ల మీద వివరింపజేశారు. పెరుగుదల దాని వల్లనేనని మేమందరం నమ్ముతున్నాము.

పాత గంట

నమ్మకాన్ని కాసేపు పక్కన పెట్టి, ఒక పని చేయండి. ఆ రెండు సంవత్సరాలకు మూడేసి అంకెలు తెండి: నామినల్ రోల్స్‌లో ఉన్నవారు ఎంతమంది, పరీక్ష రాసినవారు ఎంతమంది, పాసైనవారు ఎంతమంది. శాతాలు వద్దు, మనుషుల లెక్క కావాలి.

మెట్టపంట

నేను ఇంజినీరింగ్ కళాశాలలో ఉన్నాను, మాకు ఎన్‌బీఏ వాళ్ల సెల్ఫ్ అసెస్‌మెంట్ రిపోర్టు ఉంటుంది. మా దగ్గర ఈ సమస్యే లేదు, ఎందుకంటే ప్రతి కోర్సుకూ కోర్సు అవుట్‌కమ్‌ల సాధన స్థాయిని లెక్కకట్టి మూడింటికి 2.4 అనో 2.6 అనో ఇస్తాము. మీరూ అలా ఒక అంకె ఇస్తే ఇక ఎవరూ విశేషణం అనరు. అలాగే యూనిట్ మొదలుపెట్టే ముందు ఒక పరీక్ష, అయిపోయాక అదే పరీక్ష పెట్టి తేడా చూపించండి. మా దగ్గర అందరూ అదే చేస్తారు.

పాత గంట

సాధన స్థాయిని లెక్కించడంలో తప్పు లేదు, అయితే ఆ 2.4ను నిర్ణయించే గడపను పెట్టుకున్నది మీ కళాశాలే కదా. అరవై శాతం మంది సగం మార్కులు దాటితే రెండో స్థాయి అని ఒక శాఖ రాసుకుంటుంది, పక్క శాఖ ఇంకొకటి రాసుకుంటుంది. గడపను ఒక మెట్టు కిందికి దించితే పాఠం మారకుండానే స్థాయి పెరుగుతుంది. అందువల్ల గడప ఎక్కడ పెట్టారో, అయిదేళ్లలో దాన్ని మార్చారో లేదో చెప్పకుండా ఇచ్చిన 2.4 కూడా ఒక విశేషణమే, అంకె వేషంలో ఉన్నది, అంతే.

ముందు ఒకటి, తర్వాత ఒకటి పరీక్ష పెట్టడంలో ఒక తిరకాసు ఉన్నది. పాఠం చెప్పకముందు రానిది, చెప్పాక కొంత రావడం ఏ పద్ధతిలో చెప్పినా జరిగేదే. గురువారం పత్రం లేకుండా మామూలుగా చెప్పినా ఆ తేడా కొంత వచ్చేది. ఆ పరీక్షలు పిల్లలు ఏదో నేర్చుకున్నారని చూపిస్తాయి గానీ, ఈ పద్ధతి వల్ల ఎక్కువ నేర్చుకున్నారని చూపించవు.

గోదావరి గట్టు

పరీక్షల విభాగం నుంచి అంకెలు తెచ్చాను. చూసి కాస్త నీరసం వచ్చిన మాట నిజం.

2021-22లో నామినల్ రోల్స్‌లో 58 మంది, పరీక్ష రాసింది 52 మంది, పాసైంది 31 మంది. 2022-23లో రోల్స్‌లో 61 మంది, రాసింది 44 మంది, పాసైంది 34 మంది. రాసినవాళ్లలో చూస్తే 59.6 నుంచి 77.3కు పెరిగినట్టే ఉన్నది. చేరినవాళ్లందరిలో చూస్తే మాత్రం 53.4 నుంచి 55.7కు వచ్చింది. దాదాపు పద్దెనిమిది అనుకున్నది రెండు పాయింట్ల చిల్లర అయింది. రెండో ఏడాది రాయని పదిహేడు మందిలో కొందరు హాజరు తగ్గి ఆగిపోయినవాళ్లు, కొందరు ఫీజు కట్టనివాళ్లు, ఇద్దరు చదువు మానేసినవాళ్లు.

పాత గంట

ఇది మీ ఒక్కరికే జరిగినది కాదు. బలహీనంగా ఉన్న పిల్లలు పరీక్ష హాలు దాకా రాకపోతే ఉత్తీర్ణత శాతం దానంతట అదే పెరుగుతుంది. కళాశాల మెరుగుపడినట్టు కనిపించే ఏడాది, నిజానికి పిల్లలను పోగొట్టుకున్న ఏడాది కావచ్చు. ఏ పెరుగుదల చూసినా నేను మొదట హారాన్ని అడిగేది అందుకే.

సున్నపురాయి

నేను రాయలసీమలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో ఫిజిక్స్ చెబుతాను. ఇంకొక సంగతి మీరు గమనించాలి మేడమ్. మన రాష్ట్రంలో డిగ్రీలో చేరేవారందరికీ 2021-22 నుంచి ఇంగ్లీషు మాధ్యమమే అయింది. 2021-22లో నాలుగో సెమిస్టర్ రాసినవాళ్లు అంతకుముందు ఏడాది చేరినవాళ్లు, వాళ్లలో తెలుగులో రాసేవాళ్లు ఉంటారు. 2022-23లో రాసినవాళ్లు కొత్త పద్ధతిలో చేరినవాళ్లు. కాబట్టి మీరు పోలుస్తున్నవి రెండు భిన్నమైన బ్యాచ్‌లు, చదివిన భాష కూడా మారింది. మీ పదిహేడు మంది గైర్హాజరుకు అదీ ఒక కారణం అయి ఉండవచ్చు. మా తరగతిలో వెనక బల్ల ఖాళీ కావడం నేను ఆ ఏడాదే చూశాను.

తేలికైన పరీక్ష ఒకటి ఉన్నది. అదే పిల్లలు అదే సెమిస్టరులో రాసిన ఫిజిక్స్, గణితం పేపర్ల శాతాలు కూడా పెరిగాయేమో చూడండి. అక్కడ గురువారం పత్రాలు లేవు కదా.

గోదావరి గట్టు

చూశాను సార్. ఫిజిక్స్‌లోనూ పెరిగింది, కొంచెం తక్కువగా. ఇక ఆ వాక్యాన్ని కొట్టేయవలసిందే. మరి మా కెమిస్ట్రీ మేడమ్ ఏడాది పొడుగునా పడ్డ కష్టానికి చెప్పుకోవడానికి ఏమీ లేదా?

పాత గంట

ఉన్నది, తొందరపడకండి. యూనివర్సిటీ ఫలితం చాలా దూరపు అంకె, అందులో పది కారణాలు కలిసిపోతాయి. ఆమె నేర్పాలనుకున్నది లెక్కలు చేయడం. దానికి దగ్గరగా ఉన్న ఆధారం ఇంటర్నల్ మిడ్ పరీక్షల జవాబు పత్రాల్లో ఉంటుంది. రెండు సంవత్సరాల రెండో మిడ్ పత్రాలు భద్రపరిచి ఉంటే, ఒకే రకం లెక్క రెండింటిలోనూ వచ్చిందేమో వెతకండి. వస్తే, పత్రాలను ఆమె గాక ఇంకొకరు ఒకే కొలబద్దతో మళ్లీ దిద్దాలి. రెండు సంవత్సరాల పత్రాలను కలిపేసి, పేరూ సంవత్సరమూ కనబడకుండా మడిచి దిద్దితే మరీ మంచిది.

అది చూసేటప్పుడే ఇంకొకటి వెతకండి. అసలు ఆ గురువారం పత్రాలు ఎందుకు మొదలయ్యాయి? ఎవరైనా అడిగారా, శాఖ సమావేశంలో అనుకున్నారా?

నల్లబల్ల

సార్, మీరు ఒక పేరా కోసం పరిశోధన చేయిస్తున్నారు. మాకు పద్దెనిమిది శాఖలు ఉన్నాయి, ఇలా ప్రతి శాఖకూ చేస్తూ కూర్చుంటే ఎస్‌ఎస్‌ఆర్ గడువు దాటిపోతుంది.

పాత గంట

పద్దెనిమిది శాఖలకూ చేయమని ఎవరన్నారు? 500 పదాల్లో పద్దెనిమిది శాఖలు పట్టవు. బాగా రికార్డు ఉన్న రెండు మూడు కోర్సులను తీసుకొని లోతుగా చెప్పి, మిగతా శాఖలలో ఏమి జరుగుతున్నదో ఒక వాక్యంలో ఉన్నదున్నట్టు చెబితే చాలు. చదివేవాళ్లకు నమ్మకం కలిగేది అక్కడ.

గోదావరి గట్టు

వారం పట్టింది గానీ దొరికాయి. రెండు సంవత్సరాల రెండో మిడ్‌లోనూ ప్రథమ క్రమాంక చర్యకు అర్ధాయువు, రేటు స్థిరాంకం కట్టే లెక్క ఉన్నది, అంకెలు మాత్రమే వేరు. పక్క ఊరి కళాశాలలో పనిచేసే కెమిస్ట్రీ సార్ ఒకరు పేర్లు కనబడకుండా దిద్దిపెట్టారు. 2021-22లో 49 మంది మిడ్ రాస్తే, లెక్క పూర్తిగా సరిగా చేసింది 14 మంది. 2022-23లో 45 మంది రాస్తే, సరిగా చేసింది 24 మంది. ఈసారి హారం పాఠం నేర్చుకున్నాను కాబట్టి రోల్స్ మీద కూడా చూశాను: 58లో 14, 61లో 24. అలా చూసినా పెరుగుదల నిలబడింది.

ఎందుకు మొదలైందో కూడా తెలిసింది. 2021-22 ఫీడ్‌బ్యాక్ పత్రాలలో "మీరు చెప్పదలచుకున్నది" అనే గడిలో ఆ తరగతి పిల్లలు 19 మంది, లెక్కలు బల్ల మీద వేగంగా వెళ్లిపోతున్నాయని, తమ చేత చేయించడం లేదని ఒక్కొక్కరు ఒక్కో రకంగా రాశారు. శాఖ సమావేశపు మినిట్స్‌లో ఆ సంగతి చర్చకు వచ్చి, వారానికి ఒక గంట కేటాయించాలన్న నిర్ణయం తేదీతో సహా ఉన్నది. పన్నెండు పత్రాలు అనుకొని తొమ్మిది జరిపారు. ఆ తొమ్మిదింటి మీద పిల్లల సంతకాలు ఉన్నాయి, తక్కువగా వచ్చిన రోజు 31 మంది, ఎక్కువగా వచ్చిన రోజు 47 మంది.

పాత గంట

అమ్మా, మీ దగ్గర బంగారం ఉండగా ఇత్తడికి మెరుగు పెడుతూ కూర్చున్నారు. పిల్లలు అన్నారు, శాఖ విన్నది, ఒక పని మొదలైంది, ఆ పని ఎన్నిసార్లు జరిగిందో రాసి ఉన్నది, తర్వాత ఒక లెక్కలో తేడా కనబడింది. ఈ గొలుసు చూపగల కళాశాలలను నేను ఎక్కువగా చూడలేదు. పన్నెండు అనుకొని తొమ్మిదే చేశామని కూడా రాయండి, దాచవద్దు. నేను వెళ్లిన ఒక చోట అయిదేళ్ల మినిట్స్ పుస్తకం మొత్తం ఒకే కలంతో, ఒకే దస్తూరితో, ఒకే విడతలో కూర్చొని రాసినట్టు తెలిసిపోయింది. అన్ని తరగతులూ అనుకున్నట్టే నూటికి నూరు శాతం జరిగినట్టు రాశారు. ఆ తర్వాత వాళ్లు చూపించిన నిజమైన పనిని కూడా మేము అనుమానంగానే చూశాము.

సున్నపురాయి

ఒక్క ప్రశ్న. ఆ లెక్కకు రెండు సంవత్సరాల్లోనూ ఛాయిస్ ఒకే రకంగా ఉందా? అంటే అది తప్పనిసరి ప్రశ్నా, లేక "లేదా" అని ఇంకొకటి ఇచ్చారా?

గోదావరి గట్టు

మీరు అడిగాక ప్రశ్నపత్రాలు మళ్లీ తీశాను. 2021-22లో దానికి "లేదా" కింద ఒక వ్యాస ప్రశ్న ఉన్నది. 2022-23లో తప్పనిసరి. లెక్క వచ్చినా వ్యాసం వైపు వెళ్లినవాళ్లు మొదటి ఏడాది ఉండే ఉంటారు. 14 అన్నది ఉండవలసినదానికంటే తక్కువ కావచ్చు.

సున్నపురాయి

అయితే ఆ పోలికను కూడా వదిలేయడం మంచిదని నా అభిప్రాయం. రెండు ప్రశ్నపత్రాలు ఒకటి కానప్పుడు అంకెలు పక్కపక్కన పెడితే చదివేవాళ్లు తేడానే చూస్తారు, కింద రాసిన షరతును చూడరు.

పాత గంట

నేను వదలను. ఛాయిస్ సంగతిని అదే వాక్యంలో, అంకెల పక్కనే చెప్పి ఉంచుతాను. వ్యాసం వైపు వెళ్లినవాళ్ల పత్రాలు కూడా ఉన్నాయి కదా, ఆ 49లో లెక్క ఎంచుకున్నది ఎంతమందో లెక్కపెట్టి ఆ అంకె కూడా ఇవ్వవచ్చు.

గోదావరి గట్టు

లెక్క ఎంచుకున్నది 26 మంది, వాళ్లలో సరిగా చేసింది ఆ 14 మందే. తప్పనిసరి చేసిన ఏడాది 45లో 24.

సున్నపురాయి

చూశారా, ఎంచుకున్నవాళ్లలో సగం పైనే సరిగా చేశారు, అదీ పత్రాలు లేని ఏడాది. రెండో ఏడాది కూడా సగం పైనే. ఇప్పుడు చెప్పండి, పెరిగిందా?

పాత గంట

ఎంచుకున్నవాళ్లు ధైర్యం ఉన్నవాళ్లు, వాళ్లను తప్పనిసరిగా రాసిన మొత్తం తరగతితో పోల్చలేము. ధైర్యం ఉన్నవాళ్లలో ఎంత మంది చేశారో, తరగతి మొత్తం మీద కూడా దాదాపు అదే నిష్పత్తిలో చేశారంటే అందులో ఏదో ఉన్నది. అయితే మీరు అన్నదాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చలేను. ఇద్దరం ఒప్పుకోకపోయినా పర్వాలేదు, మేడమ్ నిర్ణయించుకుంటారు.

మెట్టపంట

వచ్చే ఏడాది నుంచి రెండో మిడ్‌లో అదే రకం లెక్కను తప్పనిసరిగా ఉంచితే ఈ గొడవ ఉండదు కదా. మేము అలా "యాంకర్" ప్రశ్న ఒకటి పెడతాము.

సున్నపురాయి

పెడితే మూడో ఏడాదికి పిల్లలకు ఆ ప్రశ్న వస్తుందని తెలిసిపోతుంది, సీనియర్ల దగ్గర నుంచి జవాబు కూడా వస్తుంది. అప్పుడు పెరిగేది కెమిస్ట్రీ కాదు.

నల్లబల్ల

ఫీడ్‌బ్యాక్ సంగతి వదిలేశారు. సంతృప్తి సగటు 5కు 4.3 అని మేము రాశాము. అది మాత్రం గట్టి అంకెయే కదా?

గోదావరి గట్టు

మా దగ్గరా 4.3యే సార్, అదీ విచిత్రమే. నింపినవాళ్లు 640 మందిలో 212 మంది. కంప్యూటర్ ల్యాబులో తరగతి మెంటార్ ఉండగా నింపించారు. ఎవరు నింపలేదో మాకు తెలియదు. ఆ రోజు రానివాళ్లు బహుశా తరగతికి కూడా రానివాళ్లే. పైగా ప్రశ్నలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి. ఒక పిల్ల నన్ను "ప్రిపేర్డ్‌నెస్" అంటే ఏమిటని అడిగి, నేను చెప్పేలోపలే "4" నొక్కేసింది.

పాత గంట

4.3ను రాస్తే 212, 640 కూడా పక్కనే రాయాలి. నన్నడిగితే సగటును వదిలేసి ఆ 19 మంది మాటను ఉంచండి. ఫిర్యాదు చేసిన పిల్లల మాటే మీ బోధనకు పెద్ద సాక్ష్యం అయింది, విచిత్రమే గానీ నిజం.

"అనుభవపూర్వక అభ్యసనం" అన్న వాక్యం కింద ఏమి పెట్టారు?

గోదావరి గట్టు

కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు పెట్టాము.

సున్నపురాయి

అది రాష్ట్రంలో డిగ్రీ చదివే ప్రతి పిల్లకూ, పిల్లవాడికీ తప్పనిసరి కదా మేడమ్. దాన్ని మీ ప్రత్యేకతగా రాస్తే, పీర్ టీమ్ వేరే రాష్ట్రం వాళ్లు కాబట్టి మొదట మెచ్చుకుంటారు, పక్క కళాశాలకు వెళ్లినప్పుడు అక్కడా అదే చదువుతారు. ప్రాజెక్టు చేయించడం కాదు, ఆ నివేదికలను తరగతిలోకి ఎవరైనా తెచ్చారా అన్నది చెప్పండి. మా దగ్గర నివేదికలు మూల్యాంకనం కాగానే అటకెక్కుతాయి. మీ దగ్గర అలా కాకపోతేనే రాయండి.

గోదావరి గట్టు

మా దగ్గరా చాలా వరకు అటకే. ఒక్క నా క్లాసులో మాత్రం, గ్రామాల్లో పిల్లలు తెచ్చిన కుటుంబ ఖర్చుల వివరాలతో వినియోగం పాఠం చెప్పాను. ఒక సెక్షన్, ఒక యూనిట్, మూడు గంటలు. అదంతా వర్క్ డైరీలో ఉన్నది. అంతకంటే ఎక్కువ చెప్పలేను.

ఇవాళ కూర్చొని రాసిన పేరా ఇది, తెలుగులో:

"2021-22 విద్యార్థి ఫీడ్‌బ్యాక్‌లో బీఎస్సీ నాలుగో సెమిస్టర్ విద్యార్థులు 19 మంది కెమిస్ట్రీలో లెక్కలను తమ చేత చేయించడం లేదని రాశారు. శాఖ సమావేశం ఈ అంశాన్ని చర్చించి, 2022-23లో వారానికి ఒక గంటను జట్లుగా లెక్కలు చేయడానికి కేటాయించింది. ప్రణాళికలో 12 పత్రాలు ఉండగా 9 జరిగాయి, ఒక్కొక్కదానికి 31 నుంచి 47 మంది హాజరయ్యారు (మొత్తం 61 మంది). రెండో మిడ్‌లో ప్రథమ క్రమాంక చర్యపై ఒకే రకమైన లెక్కను బయటి అధ్యాపకుడు పేర్లు కనబడకుండా దిద్దగా, 2021-22లో మిడ్ రాసిన 49 మందిలో 14 మంది, 2022-23లో 45 మందిలో 24 మంది సరిగా చేశారు. 2021-22లో ఈ ప్రశ్నకు ప్రత్యామ్నాయం ఉన్నది, 26 మంది మాత్రమే దీన్ని ఎంచుకున్నారు. 2022-23లో ఇది తప్పనిసరి. అందువల్ల ఈ తేడా మొత్తాన్ని కొత్త పద్ధతికి ఆపాదించడం లేదు. ఇదే కాలంలో సెమిస్టర్ పరీక్షకు హాజరు కానివారు 6 నుంచి 17కు పెరిగారు. వారి కోసం ప్రత్యేక చర్య ఇంకా మొదలుకాలేదు. ఎకనామిక్స్‌లో ఒక సెక్షన్ విద్యార్థులు తమ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టులో సేకరించిన కుటుంబ వ్యయ వివరాలతో వినియోగ సిద్ధాంతంపై మూడు గంటల పని చేశారు. 14 తరగతి గదులలో 9 గదులకు ప్రొజెక్టర్లు ఉన్నాయి. వాటి వాడకం నమోదు పుస్తకం రెండు శాఖలలో మాత్రమే ఉన్నది."

మల్లెపందిరి

నేను మొదట అన్నదాన్ని వెనక్కి తీసుకుంటున్నాను. ఇందులో ఒక్క విశేషణం లేదు, అయినా ఆ తరగతి నాకు కనబడుతున్నది. "ఆపాదించడం లేదు" అన్న వాక్యం మాత్రం ఇంగ్లీషులోకి వెళ్లేటప్పుడు పట్టు సడలకుండా చూడండి.

నల్లబల్ల

పరీక్ష రాయనివాళ్లు 17కు పెరిగారని ఎందుకు చెప్పుకోవాలి? అది అడగలేదు కదా. మా ప్రిన్సిపాల్ అయితే ఆ వాక్యాన్ని చూడగానే కొట్టేస్తారు.

పాత గంట

అడగకపోయినా మీరు ఇచ్చే ఫలితాల పట్టికలలో ఆ సంఖ్య ఎలాగూ బయటపడుతుంది. పట్టికలో వాళ్లు చూసి అడగడం కంటే పేరాలో మీరే చెప్పడం మేలు. అయితే "ఇంకా మొదలుకాలేదు" అని ఆపేస్తే సరిపోదు, పీర్ టీమ్ వచ్చే నాటికి ఏదో ఒకటి మొదలై ఉండాలి. ప్రొజెక్టర్ల వాక్యం బాగుంది, దాన్ని తాకవద్దు.

గోదావరి గట్టు

ప్రిన్సిపాల్ గారికి ఇవాళ సాయంత్రం చూపించాను. "ఇంకా మొదలుకాలేదు" దగ్గర ఎర్ర సిరాతో ప్రశ్నార్థకం పెట్టారు, కొట్టేయలేదు. ఆగిపోయిన ఆ 17 మంది ఫోన్ నంబర్ల జాబితా రేపటికల్లా కావాలన్నారు. మిడ్ పోలిక మీద సున్నపురాయి గారి అభ్యంతరాన్ని కూడా చెప్పాను. ఉంచాలో తీయాలో శాఖ సమావేశంలో తేలుద్దామన్నారు, అది సోమవారం.

సున్నపురాయి

సమావేశానికి రెండు సంవత్సరాల ప్రశ్నపత్రాలూ తీసుకెళ్లండి మేడమ్. ఆ "లేదా"ను అందరూ కళ్లతో చూడాలి.